నలభై ఎనిమిది కుడికాళ్లు

ఎనిమిదో తరగతి ప్యాంట్లకు గుడ్డ కోసి కట్టలు అందించిన గంటకు, మా చెల్లె మిషను ఆపి నా వైపు చూసింది. చెల్లె అంటే తోడబుట్టింది కాదు. మా దుకాణంలో పదేళ్లుగా కుడుతున్న మనిషి. నన్ను అన్నా అంటుంది, నేను చెల్లె అంటాను. ఆ వరుసల వల్ల ఇద్దరికీ ఒకరినొకరు తిట్టుకునే హక్కు వచ్చింది.

"అన్నా, ఒక్క మాట అడుగుత. కోపం చెయ్యకు."

"అడుగు."

"గీ బడిల పిల్లలందరికి కుడికాలే ఉంటదా?"

ముక్కలు తెచ్చి నా బల్ల మీద పరిచింది. చూశాను. ఒకటి, రెండు, పది, ఇరవై. అన్నీ కుడికాలి ముందు ముక్కలే. మొత్తం నలభై ఎనిమిది.

కుట్టుపని తెలియని వాళ్లకు రెండు మాటల్లో చెబుతాను. స్కూలు ప్యాంట్ల గుడ్డకు మొఖం ఒకటుంటుంది, వీపు ఒకటుంటుంది. తానును, అంటే పొడవాటి గుడ్డ చుట్టను, ముందుకీ వెనక్కీ మడతలు పెడుతూ పరిస్తే ఒక పొర మొఖం పైకి, తర్వాతి పొర మొఖం కిందికి పడుతుంది. మీద గీసి ఒక్కసారి కోస్తే కుడి ఎడమ జతలు వాటంతటవే వస్తాయి. ఆ రోజు తాను అయిపోయి తుంటలు, అంటే విడి ముక్కలు, మిగిలాయి. తుంటలు పరిచేటప్పుడు మనమే గుర్తు పెట్టుకుని ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా వేయాలి. నేను అన్నింటినీ వెల్లకిలా వేశాను. ఒకటి కాదు, నలభై ఎనిమిది. ప్రతి దాన్నీ చేత్తో దువ్వి మరీ.

పని నేర్చిన మొదటి నెలలో కూడా ఈ తప్పు చేయలేదు. కానీ ఈ కథలో అసలు సంగతి తప్పు కాదు. చెల్లె ఆ మాట అన్నప్పుడు నాకు జవాబు రాలేదు. అదీ అసలు సంగతి.

నా గురించి మా బజారులో ఎవరినైనా అడగండి. ఏడో తరగతిలో బడి మానేశాను. లెక్కల సారు "నీకు నోరు తప్ప ఏం లేదురా" అంటే, ఆయన మాట మీద గౌరవంతో ఆ నోటితోనే బతుకుదామని బయటికొచ్చాను. కొలతలు తీసుకుంటూ మనిషిని నవ్వించడం నా అలవాటు. నవ్వితే పొట్ట వదులవుతుంది, అప్పుడే నడుము కొలత నిజంగా వస్తుంది. ఊపిరి బిగబట్టుకున్న వాడి కొలతకు ప్యాంటు కుడితే అన్నం తిన్న రోజు వేసుకోలేడు. అలాంటివాడిని నేను. కుడికాళ్ల పిల్లలు అనగానే మామూలు రోజైతే పది మాటలు వచ్చి ఉండాలి. రాలేదు.

"నువ్వు కుట్టు. ఎక్కువ మాట్లాడకు" అన్నాను.

దుకాణంలో మిగిలిన మూడు మిషన్లూ ఒక్కసారే ఆగాయి. కరెంటు పోయిందేమోనని పైకి చూశాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

సాయంత్రం నాలుగింటికి ఉస్తాద్ వచ్చాడు. నాకు కత్తెర పట్టడం నేర్పింది ఆయనే. దుకాణం కొడుకులకు అప్పజెప్పి చాలా ఏళ్లయింది. రోజూ నాలుగింటికి మా దగ్గర చాయ్ తాగి, నా కోతకు వంకలు పెట్టి పోతాడు. ఆ రోజు బల్ల మీది కుప్ప చూశాడు. రెండు ముక్కలు చేతిలోకి తీసుకుని మొఖం వీపు తిప్పి చూశాడు. వంక పెట్టలేదు. నాకు భయమేసింది.

"క్యా హువా బేటా? ఒంట్ల మంచిగ లేదా?"

"ఒళ్లు మంచిగనే ఉన్నది ఉస్తాద్."

"మరి ఏం మంచిగ లేదు?"

అప్పుడు చెప్పాను. షట్టర్ సగం ఎత్తి, లోపలికి వంగడానికి మనసు రాక, ఎదురుగా ఉన్న చాయ్ బండి దగ్గరే అరగంట కూర్చుంటున్నానని. ఆదివారం మధ్యాహ్నం అన్నం తినేటప్పుడే సోమవారం గుర్తొచ్చి ముద్ద దిగడం లేదని. కత్తెర బరువెక్కిందని. పాత గిరాకీ ఒకాయన బటన్ కుట్టమని వస్తే "కొత్త షర్టు కొనుక్కోరాదు" అని కసిరానని. సంక్రాంతి పోయిన కాణ్నుంచి ఇట్లాగే ఉన్నానని.

ఉస్తాద్ చాయ్ పూర్తిగా తాగాడు. "మొదలు డాక్టర్‌కు చూపించు. నేను దర్జీని, హకీంను గాదు" అన్నాడు. తర్వాత ఆ కుడికాళ్లను లెక్కపెట్టి, చెల్లెను పిలిచి, "మూడో తరగతి పిల్లలకు నిక్కర్లే గదా? పెద్ద ముక్కను మొఖం మార్చకుండ కిందిమీద తిప్పి పెడితే చిన్న నిక్కర్ ఎడమకాలు వస్తది. గుడ్డ ఖరాబ్ గాలే, పొట్టిగైంది గంతే" అని సుద్దతో గీసి చూపించాడు. అలా ఎనిమిదో తరగతి కుడికాళ్లలో సగం మూడో తరగతి ఎడమకాళ్లయ్యాయి, మిగతా సగం వాటికి జత కుడికాళ్లయ్యాయి. నాలుగు దశాబ్దాల తెలివి అంటే అది. నేను చూస్తూ నిలబడ్డాను.

దవాఖానలో డాక్టరమ్మ మా పెద్దమ్మాయి వయసు ఉంటుంది. బీపీ చూసింది, షుగర్, థైరాయిడ్, రక్తం అన్నీ పరీక్ష చేయించింది. రెండో రోజు కాగితాలు చూసి అన్నీ బాగానే ఉన్నాయంది. నాకు కొంచెం నిరాశ కలిగింది. జబ్బుంటే గోలీ ఉంటుంది. తర్వాత ఆమె అడిగిన ప్రశ్నలు నేను ఊహించనివి.

"ఇంట్లో నవ్వుతున్నారా?"

నేను పక్కన కూర్చున్న మా ఆమె వైపు చూశాను. ఆమే జవాబు చెప్పింది. "మొన్న మా చిన్నమ్మ బిడ్డ పెండ్లిల వడ్డించేటోళ్లను సతాయించి సతాయించి చంపిండు మేడమ్. దుకాణం కాడనే మూతి గిట్ల పెడుతుండు." మూతి ఎట్లా పెడుతున్నానో చేసి చూపించింది. డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది.

"నిద్ర, తిండి?"

"శనివారం మంచిగ తింటడు. ఆదివారం సగం తింటడు. సోమవారం టిఫిన్ డబ్బ అట్లనే వాపస్ వస్తది."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. అన్నిచోట్లా సంతోషం పోతే అది ఒక రకం జబ్బట, దానికి మందులూ వేరే డాక్టర్లూ ఉన్నారట. ఒక్క పని దగ్గరే పోతే అది పనితో కాలిపోవడమట, బర్నౌట్ అంటారంది. "నాకు తెలుసమ్మా, ఇస్త్రీపెట్టె మర్చిపోతే గుడ్డకు అయ్యేది అదే" అన్నాను. ఆమె గట్టిగా నవ్వింది. నెలల తర్వాత పని గురించి నేనన్న మాటకు ఒక మనిషి నవ్వడం అదే మొదలు. అదీ దుకాణం బయట.

"పది రోజులు ఆ పనికి పూర్తిగా దూరంగా ఉండండి. తిరిగొచ్చాక ఎలా ఉందో గమనించండి. అలసట అయితే తగ్గుతుంది. మొదటి రోజే మళ్లీ మొదలైతే అలసట ఒక్కటే కాదని అర్థం. ఇప్పుడు అలసి ఉన్నారు, పెద్ద నిర్ణయాలు ఏవీ తీసుకోకండి. ఇంట్లో కూడా నవ్వు పోతే మాత్రం ఆగకుండా నా దగ్గరికి రండి."

పెద్ద నిర్ణయం అప్పటికే మా ఇంట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. మా బామ్మర్ది రూపంలో.

బామ్మర్దికి బస్టాండ్ దారిలో చెప్పుల దుకాణం. అది నడుస్తోంది కాబట్టి రెండోది తెరుస్తున్నాడు. జూన్ ఒకటిన ఓపెనింగ్. కూర్చోవడానికి నమ్మకమైన మనిషి కావాలి.

"బావా, నువ్వు రా. సగం నీది. నీ నోటికి చెప్పులేంది, ఒంటికాలోనికి గూడ జత అమ్ముతవ్."

"మొన్ననే కోసిన. ఒంటికాలోళ్లకు ప్యాంట్లు."

"గందుకే చెప్తున్న. గా కత్తెర ఇడిసిపెట్టు. దౌల్తాబాద్ల నాకు తెలిసినాయన నీ మిషన్లు నాలుగు ఒక్కసారే తీసుకుంటడట. నెలాఖరుకు నాకు మాట చెప్పు."

మిషన్లాయన నిజంగానే వచ్చి చూసి పోయాడు. ఒక్కో మిషను చక్రం తిప్పి చూశాడు. చెల్లె, మిగిలిన ముగ్గురూ తల వంచుకుని కుడుతూనే ఉన్నారు. నేను వెళ్లిపోతే ఆ మిషన్లతో పాటు వాళ్ల కుర్చీలూ లేస్తాయని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. కానీ ఆ వారంలో ఎవరైనా వచ్చి "రేపటి నుంచి ఈ దుకాణం ఉండదు" అంటే కాళ్లు మొక్కి ఉండేవాడిని. అదే నిజం.

మా ఆమె మాత్రం తొందరపడలేదు. "మొదలు పది రోజులు పో. అక్క కాడ తిను, పండు. ఇప్పుడు నువ్వు ఏం చెప్పినా అది నీ మాట గాదు, నీ మూతి మాట."

బడులు తెరిచేలోపు బట్టలు అందించాలి. సీజన్ మధ్యలో కోత మాస్టరు పోతే ఎలా? ఉస్తాద్ తానొచ్చి కోస్తానన్నాడు. "కంటికి ఆపరేషన్ అయినంక నీ కంటె నాకే మంచిగ కనిపిస్తది. ఎడమ ఏదో కుడి ఏదో నాకు ఎరుకే" అన్నాడు. ఆ మాట నాకు రెండు నెలల దాకా గుచ్చుకుంది.

చేర్యాలలో మా అక్క ఇంట్లో మొదటి మూడు రోజులు పడుకున్నాను. మిగిలిన సంగతులు నాకు గుర్తు లేవు. నాలుగో రోజు ఆకలయింది. ఐదో రోజు అక్క వండిన పప్పు మీద వంకలు పెట్టాను. అక్క గరిటె ఎత్తి, "వచ్చిండురా నా తమ్ముడు" అంది.

పక్కింట్లో నకాషీ పటాలు వేసే కుటుంబం. ఇంటాయన గుడ్డ మీద ఎర్రటి నేల పూసి, దాని మీద బొమ్మలు దించుతుంటాడు. పొద్దున్నే వెళ్లి ఆయన పక్కన కూర్చునేవాడిని. ఒక రోజు చూస్తూ చూస్తూ, "ఈ రాజు అంగీకి భుజం కిందికి జారింది. రెండు వేళ్లు లోపలికి పట్టాలె" అన్నాను.

ఆయన కుంచె ఆపకుండానే, "రాజు ఎన్నడు ట్రయల్‌కు రాలే" అన్నాడు.

ఇద్దరం నవ్వాం. తర్వాత అడిగాను, ఇన్నేళ్లు అవే బొమ్మలు వేస్తే విసుగు రాదా అని.

"ఎందుకు రాదు? వస్తది. వచ్చినప్పుడు పటం చుట్టి పెట్టి మాస్కులు చేస్త. రెండు నెలలు. మల్ల పటం యాదికొస్తే పటం. యాదికి రాకుంటే మాస్కులే."

"యాదికి రాకుంటే ఎట్ల?"

"రాకుంటే గప్పుడు చూద్దాం. ఇంకా అట్ల గాలే."

పది రోజులకు ఒళ్లు తేలికయింది. సిద్దిపేట బస్సులో కండక్టరు యూనిఫారం చంక దగ్గర చిరిగి ఉంటే, ఎక్కడ కుట్టించాడో అడిగి, ఆ దర్జీ వంశాన్ని మొత్తం తిట్టి, బస్సంతా నవ్వించాను. నయమైందనుకున్నాను. డాక్టరమ్మకు, మా ఆమెకు, అక్క పప్పుకు మనసులో దండం పెట్టుకున్నాను. బామ్మర్దికి "రాను" అని చెబుదామని ఫోను తీశాను కూడా. సిగ్నల్ లేక ఆగింది. మంచిదైంది.

మర్నాడు షట్టర్ పూర్తిగా ఎత్తాను. అగరబత్తి వెలిగించాను. ఆరో తరగతి కట్ట విప్పి బల్ల మీద తాను పరచడం మొదలుపెట్టాను. పది పొరలు బాగున్నాను. ఇరవై పొరలు బాగున్నాను. ముప్పయ్యో పొర దగ్గర గడియారం చూశాను. పదకొండు కూడా కాలేదు. కత్తెర అదే బరువు. సోమవారం టిఫిన్ డబ్బా రుచి నోటికి వచ్చింది, డబ్బా మూత ఇంకా తీయలేదు.

పది రోజుల నిద్ర నా లోపల మిగిలే ఉంది. కళ్లు మండడం లేదు, నడుము నొప్పి లేదు. అలసట లేకుండా కూడా ఇది ఉంది. మొదటిసారి దాన్ని విడిగా చూశాను, కుట్టు విప్పిన తర్వాత గుడ్డలో మిగిలే సూది రంధ్రాల్లాగా.

నాలుగింటికి ఉస్తాద్ వచ్చాడు. చెప్పాను.

"అయితే పని ఇడిసిపెడతవా?"

"పెడత కావచ్చు ఉస్తాద్. బామ్మర్ది పిలుస్తుండు."

"ట్రయల్ వేసినవా?"

"దేనికి?"

"చెప్పులకు. నువ్వు గిరాకీకి షర్టు ట్రయల్ వెయ్యకుండ కాజాలు కొడతవా? వారం రోజులు పోయి కూసో. నేనీడ కోస్త. నచ్చితే అప్పుడు మిషన్లు అమ్ము. అమ్మినంక నచ్చకపోతె మిషను వాపస్ రాదు."

బామ్మర్ది సంతోషంగా ఒప్పుకున్నాడు. పాత దుకాణంలోనే వారం రోజులు కూర్చున్నాను. చెప్పాలంటే బాగా నడిపాను. గిరాకీ వస్తే స్టూలు వేసి, పాదం చూసి, పాదం మీదే పది మాటలు చెప్పి, జత అంటగట్టేవాడిని. ఒక్క పూటలో ఇంత మంది మనుషుల మొఖాలు చూసి ఎన్నేళ్లయింది అనుకున్నాను. అలా అనుకున్నప్పుడే ఒక సందేహం వచ్చింది. మనుషులు కనిపించక ఎందుకు ఎన్నేళ్లయింది? నాది దర్జీ దుకాణం కదా.

దర్జీ దుకాణమే. కానీ రెడీమేడ్లు వచ్చి కొలతల గిరాకీ పలచబడినప్పుడు, ఒక కాంట్రాక్టరు ద్వారా స్కూలు బట్టలు పట్టుకున్నాను. అది తప్పు అని ఇప్పటికీ అనను. నాలుగు మిషన్లు దాని మీదే తిరిగాయి. కానీ స్కూలు బట్టలకు కొలతలు ఉండవు. ఐదో తరగతి అంటే ఒక సైజు, ఆరో తరగతి అంటే ఒక సైజు. బక్కవాడైనా బొద్దువాడైనా అదే. అద్దం ముందు ఎవరూ నిలబడరు. అద్దాన్ని ఎప్పుడో తీసి గోడ వైపు తిప్పి, దాని మీద తానులు పేర్చాం. ఐదేళ్లుగా నేను మాట్లాడిన పెద్ద మనుషులు గుడ్డ పొరలు. అవి నవ్వవు.

ఐదో రోజు ఒక గిరాకీ వచ్చాడు. కాలేజీలో చెప్పే సారులా ఉన్నాడు. నల్ల బూట్లు తొడిగి అద్దం ముందు నిలబెట్టాను. ఆయన బూట్లు చూసుకుంటున్నాడు. నేను చూడాల్సింది బూట్లే. నాకు బూట్లు కనిపించలేదు. కొత్త రెడీమేడ్ ప్యాంటు, కింద రెండు వేళ్లు ఎక్కువ, మడమ దగ్గర ముడతలు పడి, మోకాలి దాకా మడతలు ఎక్కి, మంచి మనిషి కాస్తా అద్దె బట్టల్లో ఉన్నట్టు ఉన్నాడు.

"సార్, బూట్లు పక్కకు పెట్టుండ్రి. ఏ బూట్లు వేసినా ఈ ప్యాంటు మిమ్మల్ని మింగుతది" అని కింద కూర్చుని, అంచు మడిచి, చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే గుండుసూదులు రెండు గుచ్చాను. లేచి అద్దం వైపు తిప్పాను. సారు తనను తాను చూసుకున్నాడు. భుజాలు వాటంతటవే వెనక్కి వెళ్లాయి. పొట్ట వదిలి నవ్వాడు.

ఆ నవ్వు నాకు తెలుసు. కొలతల రోజుల నవ్వు.

"ఇది మీరే చేసిస్తరా?" అన్నాడు. మర్నాడు ఇంకో మూడు ప్యాంట్లు, భార్య కుర్తా రెండు పట్టుకుని చెప్పుల దుకాణానికే వచ్చాడు. కుర్తాల చంకలు బిగుతు, భుజాలు వదులు. ఆయన వెనక ఇంకెవరో ఒక షర్టుతో వచ్చారు.

బామ్మర్ది కౌంటర్ మీద చేతులు పెట్టి చూస్తున్నాడు.

"బావా, నువ్వు చెప్పులు అమ్మనీకి వచ్చినవా, ప్యాంట్లు మడవనీకి వచ్చినవా?"

"గదే నాకు గూడ తెల్వాలె."

"నాకు తెలిసింది" అన్నాడు. కోపం లేదు. కొంచెం బాధ ఉంది. "నీ కండ్లు రెండు రోజుల సంది మడమ కిందికి పోలే. నేను వేరే మనిషిని చూసుకుంట."

ఇంటికొచ్చి మా ఆమెకు చెప్పాను. ఆమె వింటూ వింటూ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "అంటే నీకు కుట్టుడు మీద గాదు, కుప్ప మీద విసుగు" అంది. పది రోజుల విశ్రాంతి, వారం రోజుల చెప్పులు, రక్త పరీక్షలు, అన్నీ కలిపి నేను పట్టుకున్నదాన్ని ఆమె చిక్కుడుకాయలు సగం కాకముందే చెప్పింది. ముందే చెప్పొచ్చు కదా అంటే, "ముందు నాకు గూడ తెల్వదు. నువ్వు ఏదేదో చేసినంకనే కదా తెలిసింది" అంది.

అప్పుడు మిగిలిన ముడి స్కూలు బట్టలు. వాటిని వదిలేస్తే నలుగురి పని పోతుంది. పట్టుకుంటే నా నవ్వు పోతుంది.

ఆ ముడి నేను విప్పలేదు. దుకాణానికి వెళ్లేసరికి విప్పి ఉంది. నా బల్ల దగ్గర చెల్లె నిలబడి తాను పరుస్తోంది. ఉస్తాద్ కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. నేను లేని రెండు విడతల్లో ఆయన ఆమెకు పరచడం, గీయడం, కోయడం నేర్పాడట. ఆయన రోజుకు రెండు గంటలకు మించి నిలబడలేడు కాబట్టి.

"ఎట్ల కోస్తుంది ఉస్తాద్?"

"నీ లెక్క మాట్లాడదు, గందుకే మంచిగ కోస్తది."

చెల్లె తల ఎత్తకుండా అంది. "అన్నా, నాకు గీ పని మంచిగనిపిస్తది. పొద్దుగాల కుప్ప ఉంటది, పొద్దుగూకె వరకు కట్టలైతయి. ఎవ్వరితోని మాట్లాడే పని లేదు. మనసు చల్లగ ఉంటది."

నాకు బరువెక్కిన కత్తెర ఆమె చేతిలో చల్లగా ఉంది. అదే కత్తెర, అదే గుడ్డ. ఇన్ని నెలలు నన్ను నేను సోమరినయ్యానేమో, ముసలివాడినయ్యానేమో అని తిట్టుకున్నాను. పని చెడ్డది కాదు, నేనూ చెడిపోలేదు. ఇద్దరికీ జత కుదరలేదు, అంతే. నలభై ఎనిమిది ముక్కలు మంచి గుడ్డే కదా. జత లేదు.

ఒక్కసారిగా మార్చలేదు. ఆ సీజన్ బట్టలన్నీ బడులు తెరిచేలోపు అందించాం. చివరి రెండు వారాలు నేనూ కోశాను, బరువుగానే కోశాను. కానీ ఎప్పటికి అయిపోతుందో తెలిసిన బరువు వేరు. కాంట్రాక్టరును పిలిచి, ఇక నుంచి మాటలన్నీ చెల్లెతోనే అని చెప్పాను. ఆయన నా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "కుడికాళ్లు కోసింది ఎవరు?" అని అడిగాడు. నేను చెయ్యెత్తాను. "అయితే ఆమెతోనే మాట్లాడుత" అన్నాడు.

జూన్‌లో దుకాణం ముందు భాగం ఖాళీ చేశాం. తానులన్నీ వెనక్కి పోయాయి. గోడ వైపు తిరిగి ఉన్న అద్దాన్ని తిప్పి, దుమ్ము తుడిచి నిలబెట్టాను. ఒక మిషను ముందుకు లాక్కున్నాను. బోర్డు మీద ఒక్క వాక్యం రాయించాను, రెడీమేడ్ బట్టలు మీ ఒంటికి సరిచేసి ఇస్తాం అని. ఉస్తాద్ చదివి, "ముప్పై ఏండ్లు కొత్త బట్ట కుట్టుడు నేర్పితే, ఇప్పుడు ఎవనో కుట్టింది ఇప్పుతవా?" అన్నాడు. నిజంగానే బాధపడ్డాడని నాకు తెలుసు. రెండు రోజులు నాలుగింటికి రాలేదు. మూడో రోజు మనవడి కోటు తీసుకుని వచ్చాడు. పెండ్లికి కొన్నారట, భుజాలు దిగిపోయాయట. "జర చూడు" అన్నాడు, వేరే వైపు చూస్తూ.

మొదటి నెలలు పలచగా నడిచాయి. ఇప్పుడూ పొంగిపోయే గిరాకీ ఏం కాదు. మా ఆమె ఇంటి ఖర్చును రెండు వేళ్లు లోపలికి పట్టింది, ఆ కుట్టు ఎక్కడా కనిపించకుండా. బామ్మర్దికి నా మీద మనసు విరిగిందనుకున్నాను, ఆ విషయంలో పొరపడ్డాను. ఆయన రెండు దుకాణాల్లోనూ బూట్లు కొన్న ప్రతి మనిషికి, "ప్యాంటు పొడుగుంది, మా బావ కాడికి పో" అని చెబుతున్నాడు. కొందరికి పొడుగు లేకపోయినా చెబుతున్నాడు. వాళ్లు వచ్చి అద్దం ముందు నిలబడితే, ఏం లేదయ్యా, సరిగ్గానే ఉంది అని నవ్వించి పంపుతాను.

ఈ ఏడు కూడా మే నెలలో పని ఎక్కువై, చెల్లె ఒక రోజు కోత సాయం అడిగింది. వెనక బల్ల దగ్గరికి వెళ్లాను. ముప్పయ్యో పొర దగ్గర నోటికి ఆ పాత రుచి వచ్చింది. ఈసారి భయపడలేదు. సరే, నువ్వా, తెలుసులే అనుకున్నాను. చెల్లె చూసి కత్తెర తీసుకుంది.

"నువ్వు ముందుకు పో అన్నా. గిరాకీ వచ్చింది. ఈడ తుంటలున్నయి, నీకు భయం."

"తుంటలు నేను వేస్త. జర నేర్పు. మొఖం మీదికా, కిందికా?"

"నీకు చెప్పినా ఒకటే, చెప్పకున్నా ఒకటే."

వెనక ముగ్గురూ నవ్వారు, మిషన్లు ఆగకుండానే. ముందు అద్దం దగ్గర ఒక పెద్దాయన కొత్త షర్టు వేసుకుని, చేతులు పొడుగై వేళ్లు కనిపించక నిలబడి ఉన్నాడు. టేపు మెడలో వేసుకుని వెళ్లాను.

"పెద్దాయనా, చేతులు ఇంట్ల మర్చిపోయి వచ్చినవా?"

ఆయన ముందు ఊపిరి బిగబట్టాడు. తర్వాత పొట్ట వదిలాడు.